సగం బిళ్ల లెక్క: గీత ఉన్న మాత్రను కట్టర్‌తో కోసేటప్పుడు

విశాఖలో చూపించుకుని వచ్చిన పెద్దాయనకు డాక్టరు చీటీ మీద బీపీకి ఆమ్లోడిపిన్ 2.5, రోజూ ఉదయం ఒకటి అని రాస్తారు. తెచ్చుకున్న నెల మందులు అయిపోయాక ఒడిశా వైపు రాయగడలోనో గుణుపురంలోనో పర్లాకిమిడిలోనో మందుల షాపుకి వెళ్తే 2.5 లేదు, 5 ఉంది, సగం వేసుకోండి అని స్ట్రిప్పు వెనక పెన్నుతో 1/2 అని గీసి ఇచ్చేస్తారు. సరిహద్దు జిల్లాల్లో ఇది కొత్తేమీ కాదు. డాక్టరు ఒక రాష్ట్రంలో, షాపు ఇంకో రాష్ట్రంలో ఉంటారు, చీటీలో రాసిన కంపెనీ ఇక్కడికి వచ్చే డీలరు దగ్గర ఉండకపోవచ్చు, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే నిరామయ కౌంటర్‌కి వెళ్తే ఆ రోజు ఏ పవరు ఉంటే అదే చేతిలో పెడతారు. దాంతో సగం కోసే పని ఇంటికొస్తుంది.

ఆ సగం నిజంగా సగమేనా, రెండో సగాన్ని రేపటిదాకా ఎలా ఉంచాలి, అసలు ఆ బిళ్లను కోయొచ్చా అన్నవి వేర్వేరు ప్రశ్నలు. మన ఇళ్లలో మాత్రం మూడింటికీ కలిపి ఒకటే జవాబు వినిపిస్తుంది: మధ్యలో గీత ఉందిగా, కోసేయొచ్చు అని.

గీత ఉండటం మంచి గుర్తే, కానీ అదొక్కటే సరిపోదు. కంపెనీలు గీత పెట్టడానికి కారణాలు చాలా ఉంటాయి. కొన్ని మాత్రల మీద గీత నిజంగానే సగం చేయడానికి పెట్టింది. అలాంటి వాటికి సగం చేసి పరీక్షించిన లెక్కలు ఉంటాయి, డబ్బాలోని కాగితంలో రెండు సమాన భాగాలు చేయవచ్చు అన్న అర్థం వచ్చేలా ఒక మాట ఉంటుంది. ఇంకొన్నిటి మీద గీత కేవలం మింగలేని వాళ్లు విరుచుకుని రెండు ముక్కలూ ఒకేసారి వేసుకోవడానికి పెట్టింది, మోతాదు తగ్గించడానికి కాదు. మరికొన్నిటి మీద అది ఉత్త అలంకారం, అక్షరాల మధ్య ఒక గాటు, అంతే. పైకి మూడూ ఒకేలా కనిపిస్తాయి, అదే చిక్కు. పైగా స్ట్రిప్పు కొనే మన అలవాటులో ఆ కాగితం మన చేతికి రాదు, అది పది స్ట్రిప్పుల పెద్ద డబ్బాలో షాపులోనే ఉండిపోతుంది. అడిగితే తీసి చూపిస్తారు, అడగాలి మరి.

ఆ పరీక్ష ఎలా చేస్తారో తెలిస్తే ఇంట్లో కోసేటప్పుడు ఎంత తేడా వరకు పర్వాలేదో ఒక అంచనా వస్తుంది. యూరప్‌లో మందుల ప్రమాణాలు చెప్పే పుస్తకమైన ఫార్మకోపియా పద్ధతిలో 30 మాత్రలు తీసుకుని చేత్తో విరుస్తారు, ఒక్కో మాత్రలోంచి ఒక ముక్క మాత్రం ఉంచి రెండోది పక్కన పడేస్తారు, మిగిలిన 30 ముక్కలను విడివిడిగా తూస్తారు. సగటు బరువులో 85 నుంచి 115 శాతం బయట ఒక్క ముక్కకు మించి ఉండకూడదు, ఏ ఒక్కటీ 75–125 దాటి పోకూడదు. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇంకో మాట ఉంది, విరిచినప్పుడు పొడిగా రాలిపోయేది మాత్ర బరువులో 3 శాతం కంటే తక్కువ ఉండాలని. అంటే అధికారికంగా బాగా విరిగే మాత్ర అనిపించుకున్నదానిలో కూడా సగాల మధ్య కొంత తేడా ఉంటుందని వాళ్లే ఒప్పుకున్నట్టు. కాబట్టి ఇంట్లో నూటికి నూరు సమానంగా రావాలని టెన్షన్ పడక్కర్లేదు. ఆ తేడా ఎక్కడ పట్టించుకోవాలి, ఎక్కడ వదిలేయొచ్చు అన్నది మందును బట్టి ఉంటుంది.

పెద్దాయన ఆమ్లోడిపిన్ 5నే లెక్క వేసి చూద్దాం. బిళ్ల మొత్తం బరువు 200 మిల్లీగ్రాములు అనుకోండి, అందులో మందు 5 మిల్లీగ్రాములే, మిగతాదంతా బిళ్లను బిళ్లలా నిలబెట్టే వేరే పదార్థాలు. మందు అందులో సమానంగా కలిసి ఉంటుంది కాబట్టి బరువు సగమైతే మందూ సగమే. కట్టర్‌తో కోస్తే ఒక ముక్క 90, రెండోది 106 వచ్చి 4 మిల్లీగ్రాములు పొడిగా రాలిందనుకుందాం. పొడి 2 శాతం, పర్వాలేదు. మొదటి ముక్కలో మందు 2.25, రెండోదానిలో 2.65. ఈ రోజు చిన్న ముక్క, రేపు పెద్ద ముక్క వేసుకుంటే రెండు రోజులకు కలిపి 4.9 అందింది, కావలసింది 5. ఆమ్లోడిపిన్ ఒంట్లో సగానికి తగ్గడానికి 30 నుంచి 50 గంటలు పడుతుంది, అంటే నిన్నటిది ఇంకా ఉండగానే ఈ రోజుది చేరుతుంది, అందుకని ఒక రోజు కాస్త తక్కువా మర్నాడు కాస్త ఎక్కువా పడినా రక్తంలో అవి కలిసిపోతాయి. బీపీ మీటరు ఈ తేడాను గుర్తుపట్టదు.

ఇప్పుడు అదే బిళ్లను కూరగాయల కత్తితో కోస్తే 70, 124 వచ్చి 6 రాలిందనుకోండి. మందు 1.75 ఒకదానిలో, 3.1 ఇంకోదానిలో. ఇక్కడ కూడా ఆ రెండు ముక్కల్నీ వరసగా రెండు రోజులు వేసుకుంటే మొత్తం పెద్దగా మారదు. తేడా వచ్చేది ఆదివారం కూర్చుని స్ట్రిప్పు మొత్తం, పది బిళ్లలూ కోసేసి ఇరవై ముక్కలను ఒక డబ్బాలో పోసినప్పుడు. అప్పుడు చేతికి ఏది వస్తే అది. వరసగా నాలుగు రోజులు పెద్ద ముక్కలే రావచ్చు, ఆ నాలుగు రోజులూ పెద్దాయన వేసుకున్నది 2.5 కాదు, 3 పైనే. కాళ్ల వాపు, లేచి నిలబడితే తూలడం లాంటివి వయసు మీద పడ్డవాళ్లలో ఆ కొంచెం ఎక్కువకే రావచ్చు, వచ్చినప్పుడు ఎవరూ డబ్బాలోని ముక్కల్ని అనుమానించరు. అందుకే ఒకసారికి ఒకే బిళ్ల కోసి, దాని రెండో సగం అయ్యాకే కొత్త బిళ్ల మీద చెయ్యి వేయాలి. ఈ ఒక్క అలవాటు ఉంటే కోతలో వచ్చే తేడా సగం పైగా దానంతటదే సర్దుకుంటుంది. ముక్కను నిల్వ ఉంచే గొడవ కూడా ఒక్క రోజుకే పరిమితమవుతుంది.

ఈ సర్దుబాటు అన్ని మందులకూ పని చేయదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, గుండెకిచ్చే డిగాక్సిన్, మూర్ఛ మందులు, థైరాయిడ్‌కిచ్చే లెవోథైరాక్సిన్ లాంటివాటిలో పనికొచ్చే మోతాదుకూ ఇబ్బంది పెట్టే మోతాదుకూ మధ్య ఎడం తక్కువ. వీటిని సగం చేయకూడదని కాదు, వార్ఫరిన్ సగం చేసి వేసుకునేవాళ్లు చాలామందే ఉన్నారు, కానీ అది రక్తపరీక్ష చూసుకుంటూ డాక్టరు చెప్పి చేయించాల్సిన పని, షాపులో 2.5 లేదు కాబట్టి చేసేది కాదు. థైరాయిడ్ మాత్రలైతే 25, 50, 75, 100 ఇలా చాలా పవర్లలో దొరుకుతాయి, వాటిని కోసుకుంటూ కూర్చోవడంలో అర్థం లేదు, రెండు రోజులు ఆగి సరైనది తెప్పించుకోవడమే మేలు.

అసలు కోయకూడనివి ఇంకో రకం. స్ట్రిప్పు మీద మందు పేరు పక్కన ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్, ఈఆర్, సీఆర్ అని ఉంటే మందు గంటల తరబడి కొద్దికొద్దిగా దిగేలా చేశారని అర్థం, కోస్తే ఆ ఏర్పాటు పోయి రోజంతటిదీ ఒకేసారి దిగిపోవచ్చు. ఈసీ, డీఆర్ అని ఉంటే పైన పూత కడుపులో కరగకుండా పేగులోకి వెళ్లాకే కరిగేలా వేసింది, గ్యాస్‌కి వేసుకునే పాంటోప్రజోల్, గుండెకిచ్చే పూత ఉన్న ఆస్పిరిన్ ఇలాంటివే, కోసిన చోట పూత ఉండదు. మన దగ్గర ఎక్కువగా జరిగే తప్పు మాత్రం షుగరు మాత్రతో. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపిన బిళ్ల పొడుగ్గా, లావుగా, తరచూ ఒక పక్క ఒక రంగు, రెండో పక్క ఇంకో రంగుగా ఉంటుంది. గొంతులో అడ్డుపడుతోందని పెద్దవాళ్లు దాన్ని రెండు చేసి మింగుతుంటారు. అందులో మెట్‌ఫార్మిన్ పొర చాలా బ్రాండ్లలో నెమ్మదిగా దిగే రకం. రెండు ముక్కలూ ఒకేసారి మింగాం కదా, మోతాదు మారలేదు కదా అనిపిస్తుంది, మోతాదు మారలేదు గానీ దిగే వేగం మారింది. మింగడం కష్టంగా ఉంటే చిన్న మాత్రలుగా విడివిడిగా రాయమని డాక్టర్ని అడగాలి.

దీనికి ఒక మినహాయింపు ఉంది కాబట్టి అదీ చెప్పుకోవాలి. బీపీకీ గుండెకీ ఇచ్చే మెటోప్రొలాల్ సక్సినేట్ నెమ్మదిగా దిగే రకమే అయినా కొన్ని కంపెనీల మాత్రల మీద గీత సగం చేయడానికే పెట్టింది, ఎందుకంటే అందులో బిళ్లంతా ఒకే పూత కాదు, లోపల బోలెడు చిన్న చిన్న గుళికలు ఉంటాయి, ఒక్కో గుళికకు దాని పూత దానికి ఉంటుంది. సగం చేస్తే గుళికలు సగం అవుతాయి, పూతలు అలాగే ఉంటాయి. అదైనా నమలకూడదు, నూరకూడదు. అన్ని కంపెనీలవీ ఇలా ఉండవు కాబట్టి ఆ బ్రాండు కాగితం చూడకుండా చేయొద్దు.

బ్రాండు మాట వచ్చింది కాబట్టి సరిహద్దులో ఉండేవాళ్లకి పనికొచ్చే విషయం ఇదే. పోయిన నెల పాతపట్నంలో కొన్న స్ట్రిప్పూ ఈ నెల పర్లాకిమిడిలో కొన్న స్ట్రిప్పూ పేరు వేరు, లోపలి మందు ఒకటే. ఆ మాట నిజమే, షాపువాళ్లు అబద్ధం చెప్పట్లేదు. కానీ పాత కంపెనీ బిళ్ల గుండ్రంగా, మధ్యలో లోతైన గీతతో ఉండి, కొత్తది నున్నగా, సన్నపూతతో, గీతే లేకుండా ఉండొచ్చు. మందు ఒకటే అయినంత మాత్రాన కోయడంలో రెండూ ఒకటి కావు. కొత్త స్ట్రిప్పు తెచ్చిన ప్రతిసారీ ఒక బిళ్ల తీసి రెండు వైపులా చూడాలి. గీత లేదంటే షాపువాళ్లను గీత ఉన్న కంపెనీది ఉందా అని, లేదా కావలసిన పవరే ఎన్ని రోజుల్లో తెప్పిస్తారని అడగాలి. డాక్టరు పవరు మార్చి రాసినా, షాపువాళ్లు పవరు మార్చి ఇచ్చినా, సగం వేసుకోవడం మొదలుపెట్టే ముందు ఆ డాక్టరుకు ఒక ఫోను చేయడం మంచిది.

ఇక కోత. టాబ్లెట్ కట్టర్ అని అడిగితే వంద, రెండువందల రూపాయల్లో దొరుకుతుంది, అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా. కింద వి ఆకారంలో రెండు గోడలు, మూతలో బ్లేడు, మూత వేస్తే బ్లేడు వి మధ్యలోంచి దిగుతుంది. కొనేటప్పుడు చూడాల్సింది రెండే. మూతను వేళ్లతో పట్టి అటూ ఇటూ కదిపితే బందు దగ్గర ఊగకూడదు, ఊగితే బ్లేడు ఒక్కోసారి ఒక్కో చోట పడుతుంది, ఎంత జాగ్రత్తగా పెట్టినా ముక్కలు ఎక్కువతక్కువలవుతాయి. రెండోది, మూత తెరిచినప్పుడు బ్లేడును ప్లాస్టిక్ కవచం మూసి ఉంచాలి, ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది తప్పదు.

బిళ్లను వి మూల వైపు, రెండు గోడలకూ తగిలేలా జరపాలి. గీత పై వైపు ఉండాలి, బ్లేడు దిగే దారిలో సరిగ్గా రావాలి. మూత సగం దించి ఆపి, బ్లేడు అంచు గీత మీదే ఉందో లేదో పక్కనుంచి వంగి చూడాలి. చాలామంది వదిలేసేది ఈ ఒక్క క్షణాన్నే, పైనుంచి చూస్తే సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది, పక్కనుంచి చూస్తే ఒక పక్కకి జరిగి ఉంటుంది. చూశాక మూతను ఒక్క ఊపులో గట్టిగా నొక్కేయాలి. నెమ్మదిగా నొక్కుకుంటూ పోతే బ్లేడు కోయదు, నలుపుతుంది, బిళ్ల కింది భాగం ఎటు బడితే అటు విరుగుతుంది. పొడుగు బిళ్లలు వి మూలలో నిలవవు, కొన్ని కట్టర్లలో వాటికి పక్కపక్కన రెండు గట్లు ఉంటాయి, లేకపోతే గీత లోతుగా ఉన్న పొడుగు బిళ్లను రెండు చేతుల బొటనవేళ్లూ చూపుడువేళ్లతో గీతకు అటూ ఇటూ పట్టి, గీత తెరుచుకునే వైపుకి ఒక్కసారి విరవడమే నయం. పళ్లతో కొరకడం, గోళ్లతో గిల్లడం వద్దు. చేతులు వణికేవాళ్లు, చూపు మందగించినవాళ్లు తామే కోసుకోవాలనుకోకుండా ఇంట్లో ఇంకొకరికి అప్పగించాలి.

కోసిన రెండు ముక్కల్ని తెల్ల కాగితం మీద పక్కపక్కన, కోసిన వైపు కాగితాన్ని ఆనించి నిలబెడితే తేడా కంటికి దొరుకుతుంది, ఒకటి చెప్పుకోదగ్గంత ఎత్తుగా ఉంటే కోత పక్కకి పోయిందని అర్థం. ఈ రోజు చిన్నది, రేపు పెద్దది. మూడు ముక్కలైతే గానీ, పొడి బాగా రాలితే గానీ అతికించి లెక్కలు కట్టకుండా ఆ బిళ్ల వదిలేయాలి. పావు చేయడం మాటకొస్తే, సగాన్ని మళ్లీ కోస్తే మొదటి కోత తప్పు మీద రెండో కోత తప్పు చేరుతుంది, పైగా రెండోసారి గీత కూడా ఉండదు, నాలుగు గీతలుగా ప్లస్ గుర్తు ఉన్న మాత్రలకు తప్ప అది వద్దు.

రెండో సగం నిల్వ విషయంలో ఊరిని బట్టి ఆలోచించాలి. ఎఫ్‌డీఏ అడిగే పరీక్షలో సగం చేసిన మాత్రలను 25 డిగ్రీల వేడిలో 60 శాతం తేమలో 90 రోజులు ఉంచి చూస్తారు. వినడానికి ధైర్యంగానే ఉంటుంది, కానీ ఆగస్టులో వంశధార పక్కన గుణుపురంలోనో, నాగావళి పక్కన రాయగడలోనో ఇంటి లోపల తేమ 60 దగ్గర ఆగదు, మే నెలలో వేడి 25 దగ్గర ఆగదు. స్ట్రిప్పు అనేది మాత్రకు వేసిన రెయిన్‌కోటు లాంటిది, కోసిన ముక్కకు అది లేదు, పైగా కోసిన వైపు గరుకుగా ఉండి తేమను తొందరగా పీల్చుకుంటుంది. ఒక్క రోజుకైతే ఆమ్లోడిపిన్ లాంటి మామూలు మాత్రకు పెద్ద ప్రమాదం లేదు. ఆ సగాన్ని దాని గుంటలోనే తిరిగి పెట్టి, చిరిగిన రేకును మీదకి మడిచి, ఆ స్ట్రిప్పును బిగుతు మూత ఉన్న చిన్న పొడి డబ్బాలో పెట్టి, వెలుతురు పడని అలమరలో ఉంచితే చాలు. వంటింట్లో పొయ్యి దగ్గర, బాత్రూమ్ అరలో వద్దు. ఫ్రిజ్ మంచిదనుకుంటారు, అదీ వద్దు, బయటికి తీసిన ప్రతిసారీ చల్లటి ముక్క మీద గాలిలోని నీరు పడుతుంది.

బీపీ మాత్రల్లోనే తేమకు ఏమాత్రం ఆగనిది ఒకటుంది, టెల్మిసార్టన్. తేమను బాగా పీలుస్తుంది కాబట్టి వేసుకునే ముందే స్ట్రిప్పులోంచి తీయాలని దాని కాగితంలోనే ఉంటుంది. 40ని కోసి సగం రేపటికి దాచడం దీనికి సరిపడదు, ముసురు పట్టిన రోజుల్లో అసలే కాదు. 20 పవరు విడిగా వస్తుంది, అదే తెప్పించుకోవాలి. దాచిన ఏ సగమైనా మెత్తబడినా, రంగు మారినా, మచ్చలు పడినా, వేళ్లకు పొడి అంటినా అది పారేయాల్సిందే.

స్ట్రిప్పు విషయంలో ఇంకో చిన్న సంగతి. పేరు, పవరు, గడువు తేదీ ఉండే చివరి భాగాన్ని మొదటే చించేయకండి, రెండో చివర నుంచి మొదలుపెట్టండి. సగం మాత్ర మీద పేరు సగమే ఉంటుంది, ఆ స్ట్రిప్పు ముక్క పోతే డబ్బాలో ఉన్నది ఏ మందో ఎవరూ చెప్పలేరు. అలాగే షాపువాళ్లు గీసిన 1/2ను అలాగే వదిలేయొద్దు, హడావుడిలో మందు ఇచ్చేవాళ్లు దాన్ని ఒకటి లేదా రెండు అని చదివే ప్రమాదం ఉంది. ఉదయం అర బిళ్ల అని అక్షరాలతో రాసి పెట్టండి, అదీ ఇంట్లో మందు ఇచ్చేవాళ్లు చదవగలిగే లిపిలో. ఇటువైపు చాలా ఇళ్లలో తెలుగు మాట్లాడే పిల్లలు బడిలో ఒడియానే చదువుతారు, తాతకు మాత్ర అందించేది వాళ్లే అయితే ఒడియాలోనే రాయాలి.

కట్టర్‌ను వాడిన ప్రతిసారీ పొడి దులిపి, వారానికోసారి బ్లేడుకు చెయ్యి తగలకుండా కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి, తడి మిగిలితే బ్లేడు తుప్పు పడుతుంది. ఇంట్లో ఇద్దరు వేర్వేరు మందులు కోసుకుంటుంటే ఇద్దరికీ వేర్వేరు కట్టర్లు ఉండటం మంచిది. కీళ్లవాతానికిచ్చే మెథోట్రెక్సేట్, ప్రోస్టేట్‌కిచ్చే ఫినాస్టరైడ్ లాంటివి ఇంట్లో అసలు కోయొద్దు, వాటి పొడి గర్భిణుల చేతికి కూడా తగలకూడదు. ఇన్నాళ్లు శుభ్రంగా తెగిన బిళ్ల ఉన్నట్టుండి పొడిపొడి అవడం మొదలైతే ముందు స్ట్రిప్పు చూడండి, కంపెనీ మారిందేమో. అదే కంపెనీ అయితే మొద్దుబారింది బ్లేడే. ఈ కట్టర్లలో చాలావాటికి బ్లేడు మార్చే వీలుండదు, కొత్తది కొనుక్కోవాల్సిందే.